ఫైలు ఎవరి చేతిలో ఉంది: తొలగించనివ్వని, పేరు మార్చనివ్వని ఫైళ్ల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవారిలో చాలామంది దుకాణాల లెక్కలు చూసేవారు, డీటీపీ పని చేసేవారు, కాలేజీ ఆఫీసుల్లో మార్కులు ఎక్కించేవారు. మీ అందరికీ బాగా తెలిసిన ఒక సందేశం గురించే ఈరోజు మాట్లాడతాను. ఒక ఫైలును తొలగించబోతాం, లేదా ఫోల్డర్ పేరు మార్చబోతాం. వెంటనే విండోస్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. దాని పైన `File In Use` అనో `Folder In Use` అనో ఉంటుంది. కింద, ఆ ఫైలు మరో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది, మూసి మళ్లీ ప్రయత్నించండి అన్న అర్థంలో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మనం అన్నీ మూసేస్తాం. మళ్లీ నొక్కుతాం. మళ్లీ అదే పెట్టె వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తారు. కొందరు ఇంటర్నెట్‌లో వెతికి, తాళాలు తీస్తామని చెప్పుకునే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ దించుకుంటారు. ఈ రెండిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ఫైలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? దీనికి జవాబు దొరికితే మిగతా పని రెండు నిమిషాలది. జవాబు తెలియకుండా ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే. పైగా ఎవరో రాస్తున్న లెక్క మధ్యలో తెగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పుకుందాం. పాత ఆఫీసుల రికార్డు గదులు మీకు గుర్తుండే ఉంటాయి. ఎవరైనా ఒక ఫైలు తీసుకువెళ్తే, ఎవరు తీసుకున్నారో రిజిస్టరులో రాస్తారు. తిరిగి ఇచ్చాక ఆ పద్దు కొట్టేస్తారు. విండోస్ కూడా అటువంటి రిజిస్టరే నడుపుతుంది. ఒక ప్రోగ్రామ్ ఒక ఫైలును తెరిచిన ప్రతిసారీ అందులో ఒక పద్దు పడుతుంది. ఆ పద్దును హ్యాండిల్ అంటారు. ప్రోగ్రామ్ ఫైలును మూసినప్పుడో, ప్రోగ్రామే ముగిసినప్పుడో ఆ హ్యాండిల్ పోతుంది.

తెరిచేటప్పుడు ప్రోగ్రామ్ మరో మాట కూడా చెబుతుంది. నేను దీన్ని పట్టుకుని ఉండగా ఇతరులు చదవవచ్చా, ఇతరులు రాయవచ్చా, ఇతరులు తొలగించవచ్చా అనే మూడు అనుమతుల విషయం అది. మనకు ముఖ్యమైనది మూడోది. పేరు మార్చడం కూడా ఈ మూడో అనుమతి కిందికే వస్తుంది. ప్రోగ్రామ్ ఆ అనుమతి ఇవ్వకుండా ఫైలు తెరిస్తే, దాన్ని మూసేదాకా ఎవరూ ఆ ఫైలును తొలగించలేరు, పేరు మార్చలేరు. కాపీ మాత్రం తీసుకోగలరు, మొదటి అనుమతి ఇచ్చి ఉంటే. తొలగించలేని ఫైలు కాపీ ఎలా అవుతోందని చాలామంది అడుగుతుంటారు. కారణం ఇదే.

అన్ని ప్రోగ్రాములూ ఒకేలా ప్రవర్తించవు. నోట్‌ప్యాడ్ సాధారణంగా ఫైలులోని అక్షరాలను చదివేసుకుని ఫైలును అప్పుడే వదిలేస్తుంది. అందుకే నోట్‌ప్యాడ్‌లో కనిపిస్తున్న ఫైలును కూడా తొలగించగలం. వర్డ్, ఎక్సెల్ అలా కాదు. పత్రం తెర మీద ఉన్నంతసేపూ దాన్ని పట్టుకునే ఉంటాయి. అది మంచిదే. మీరు రాస్తుండగా మరొకరు ఆ పత్రాన్ని తీసేయకుండా కాపాడే ఏర్పాటు అది. ఈ సందేశాన్ని ఒక జబ్బుగా చూడవద్దని నేను గట్టిగా చెబుతాను. చాలాసార్లు అది మన పనిని కాపాడుతున్న కాపలా.

ఇంకో సంగతి. ఫోల్డర్ పేరు మార్చాలంటే దాని లోపల, ఎంత లోతున ఉన్నా, ఏ ఫైలూ తెరిచి ఉండకూడదు. ఒక్కటి తెరిచి ఉన్నా మొత్తం ఫోల్డర్ ఆగిపోతుంది. పైగా ఆదేశాలు టైపు చేసే కమాండ్ విండోలో, పేరు మార్చే `ren` ఆదేశంతో ప్రయత్నిస్తే, ఫైలు వాడుకలో ఉందని చెప్పకుండా `Access is denied.` అని మాత్రమే వస్తుంది. అది చూసి అనుమతుల సమస్య అనుకుని, ఫోల్డర్ యజమానిని మార్చే తంటాలన్నీ పడేవారిని చూశాను. ఫోల్డర్ పేరు మార్చేటప్పుడు ఆ మాట వస్తే, ముందు లోపల ఏదైనా తెరిచి ఉందేమో చూడండి.

ఇప్పుడు ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఒక ఎరువుల దుకాణం. రెండు కంప్యూటర్లు. ఒకటి ముందు కౌంటర్ దగ్గర, ఒకటి లోపలి గదిలో. లెక్కల ఫైళ్లన్నీ లోపలి కంప్యూటర్లో `D:\Shop` అనే ఫోల్డర్లో ఉంటాయి. కౌంటర్ దగ్గరి కంప్యూటర్ కూడా నెట్‌వర్క్ ద్వారా అదే ఫోల్డర్ వాడుకుంటుంది. మార్చి నెల ముగిసింది. లెక్కలు చూసే ఆవిడ `Bills_March` అనే ఫోల్డర్ పేరు `Bills_March_Final` అని మార్చి ఆడిటర్‌కు పంపాలనుకున్నారు. `Folder In Use` అని వచ్చింది. ఎక్సెల్ మూసేశారు, బ్రౌజర్ మూసేశారు. ఫలితం లేదు. తెర మీద ఎక్సెల్ విండో ఒక్కటి కూడా లేదు, అయినా అదే సందేశం.

ఇక్కడ రిసోర్స్ మానిటర్‌ను పిలవాలి. ఇది విండోస్‌తో పాటే వస్తుంది, ఏదీ దించుకోనక్కర్లేదు. స్టార్ట్ మెనూ తెరిచి ఈ మాట టైపు చేసి ఎంటర్ నొక్కండి.

```
resmon
```

విండో తెరుచుకున్నాక పైన `CPU` అనే ట్యాబ్ ఉంటుంది. దానిలోకి వెళ్లి కిందికి చూస్తే `Associated Handles` అనే వరుస కనిపిస్తుంది. దాని కుడివైపు వెతికే పెట్టె ఉంటుంది. అందులో ఫైలు పేరో, ఫోల్డర్ పేరో, పేరులో కొంత భాగమో టైపు చేయండి. ఆమె `Bills_March` అని టైపు చేశారు. కొన్ని క్షణాల తర్వాత వరుసలు వచ్చాయి.

ఆ వరుసలు ఎలా చదవాలో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే పొరపాటు జరిగేది ఇక్కడే. మొదటి నిలువు వరుస `Image`. అది ప్రోగ్రామ్ పేరు. రెండోది `PID`. ఆ ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చిన సంఖ్య. మూడోది `Type`. అక్కడ `File` అని ఉంటే అది నిజంగా ఫైలు, లేదా ఫోల్డర్. `Key` అని ఉంటే అది, విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో ఎక్కడో ఆ పేరు దొరికిందని మాత్రమే. మన సమస్యతో దానికి సంబంధం లేదు. చివరిది `Handle Name`. ఫైలు పూర్తి చిరునామా అక్కడ ఉంటుంది. ఒకే పేరుతో వేరే చోట మరో ఫైలు ఉండవచ్చు కాబట్టి ఆ చిరునామా తప్పకుండా చదవాలి.

ఆమెకు మూడు రకాల వరుసలు కనిపించాయి. `explorer.exe`, `EXCEL.EXE`, `System`. వీటిలో `explorer.exe` అంటే మనం ఫోల్డర్లు చూసే కిటికీ. ఆ ఫోల్డర్లో ఏదైనా మారితే తెలుసుకోవడానికి అది హ్యాండిల్ పెట్టుకుంటుంది, సాధారణంగా తొలగించే అనుమతి ఇచ్చే పెట్టుకుంటుంది. అందువల్ల జాబితాలో కనిపించినంత మాత్రాన అదే దోషి అనలేం. ఆ ఫోల్డర్ చూపిస్తున్న కిటికీలు మూసేస్తే చాలు. నిజమైన సమస్య మిగతా రెండింటిలో ఉంది.

`EXCEL.EXE` వరుసలో చిరునామా `D:\Shop\Bills_March\Summary.xlsx` అని ఉంది. కానీ తెర మీద ఎక్సెల్ ఎక్కడా లేదు. ఇదెలా? ఆ దుకాణంలో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెలాఖరు నివేదికను ఎక్సెల్ ఫైలుగా తయారు చేస్తుంది. అందుకోసం ఎక్సెల్‌ను కనిపించకుండా వెనక నడిపిస్తుంది. పని అయ్యాక దానికి వెళ్లిపొమ్మని చెప్పాలి. మధ్యలో ఏదైనా తప్పు జరిగితే ఆ మాట చెప్పేవారు ఉండరు. ఎక్సెల్ వెనకే నిలబడిపోతుంది, ఫైలు దాని చేతిలోనే ఉండిపోతుంది. మాక్రోలు వాడే ఆఫీసుల్లో ఇది చాలా సాధారణం.

ఇలాంటప్పుడు తొందరపడి ముగించకూడదు. ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా మూసేసి చూడాలి. చాలాసార్లు దానితోపాటే వెనక ఉన్న ఎక్సెల్ కూడా వెళ్లిపోతుంది. ఇక్కడ వెళ్లలేదు. తర్వాత ఆ `Summary.xlsx` ఫైలును మరో చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరిచి, నివేదిక పూర్తిగా ఉందో లేదో చూసుకున్నారు. ఉంది. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, `Details` ట్యాబ్‌లో అదే `PID` ఉన్న `EXCEL.EXE` ను వెతికి `End task` నొక్కారు. సంఖ్య సరిచూసుకోవడం ఎందుకంటే, ఒకేసారి రెండు మూడు ఎక్సెల్‌లు నడుస్తూ ఉండవచ్చు. మీ పక్కన తెరిచి ఉన్న మంచి ఎక్సెల్‌ను పొరపాటున ముగిస్తే సేవ్ చేయని పని పోతుంది.

ఇలా బలవంతంగా ముగించాక ఒక్కోసారి `~$` తో మొదలయ్యే చిన్న దాచిన ఫైలు ఆ ఫోల్డర్లో మిగిలిపోతుంది. వర్డ్, ఎక్సెల్ ఒక పత్రాన్ని తెరిచినప్పుడు, దాన్ని ఎవరు తెరిచారో రాసిపెట్టుకునే చీటీ అది. అసలు పత్రం ఎవరి దగ్గరా తెరిచి లేదని తేల్చుకున్నాక దాన్ని తొలగించవచ్చు. తేల్చుకోకుండా మాత్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు మూడో వరుస. `System`, `PID` 4. చిరునామా `D:\Shop\Bills_March\Stock.xlsx`. దీన్ని చూసి భయపడేవారు కొందరైతే, దాన్ని కూడా ముగించబోయేవారు కొందరు. `System` అంటే విండోస్ గర్భమే. దాన్ని ముగించడం మన వల్ల కాదు, ప్రయత్నించనూ కూడదు. పంచుకున్న ఫోల్డర్లోని ఫైలు `System` చేతిలో కనిపిస్తే మొదట అనుమానించవలసింది నెట్‌వర్క్‌ను. మరో కంప్యూటర్ నుంచి ఎవరో ఆ ఫైలు తెరిచారు, వారి తరఫున ఈ కంప్యూటర్లోని విండోస్ దాన్ని పట్టుకుని ఉంది. ఎంత వెతికినా ఈ తెర మీద ఆ ప్రోగ్రామ్ కనిపించదు, ఎందుకంటే అది ఈ కంప్యూటర్లో లేనే లేదు.

అది ఎవరో తెలుసుకోవాలంటే, ఫైళ్లు ఉన్న కంప్యూటర్లోనే కమాండ్ విండోను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి ఈ ఆదేశం ఇవ్వాలి.

```
net file
```

బయటివారు తెరిచిన ప్రతి ఫైలుకూ ఒక వరుస వస్తుంది. మొదట ఒక సంఖ్య, తర్వాత ఫైలు చిరునామా, తర్వాత తెరిచినవారి యూజర్ పేరు. ఇక్కడ `Stock.xlsx` ఎదురుగా కౌంటర్ కంప్యూటర్ యూజర్ పేరు కనిపించింది. ఆమె కౌంటర్ దగ్గరి అబ్బాయిని పిలిచి, "బాబూ, స్టాక్ ఫైలు తెరిచి ఉన్నావా?" అని అడిగారు. "ఉన్నానమ్మా, ఉదయం నుంచి తెరిచే ఉంది, కింద పెట్టుకున్నాను" అన్నాడు. సేవ్ చేసి మూశాడు. ఫోల్డర్ పేరు వెంటనే మారింది.

ఆ అబ్బాయి కంప్యూటర్ కట్టేసి వెళ్లిపోయినా, కరెంటు పోయి తెగిపోయినా, కొద్దిసేపు ఆ పద్దు ఇక్కడ మిగిలి ఉండవచ్చు. అప్పుడు వరుసలోని సంఖ్యతో దాన్ని మూయవచ్చు. సంఖ్య 12 అయితే ఇలా.

```
net file 12 /close
```

అవతల మనిషి నిజంగా రాస్తూ ఉండగా ఇది వాడకూడదు. ఆయన సేవ్ చేయని వరుసలు పోవచ్చు, ఆయనకు ఎందుకు పోయాయో కూడా తెలియదు. లేచి వెళ్లి అడగడం, ఫోన్ చేయడం ఎప్పుడూ దీనికంటే మేలు.

ఇక ఎక్కువగా కనిపించే మరికొన్ని పట్లు చెబుతాను. వీటిలో మొదటిది ప్రివ్యూ. ఫోల్డర్ కిటికీలో కుడివైపు ఫైలు లోపలి భాగం చూపించే అర ఉంటుంది కదా, దాన్ని చూపించడానికి కూడా ఎవరో ఒకరు ఫైలును తెరవాలి. మీరు తొలగించడానికి ఆ ఫైలు మీద ఒకసారి నొక్కారు. ఆ నొక్కడంతోనే ప్రివ్యూ దాన్ని తెరిచింది. తొలగించమంటే తెరిచి ఉందంటుంది. రిసోర్స్ మానిటర్‌లో `prevhost.exe` అని కనిపిస్తే కారణం ఇదే. `Alt+P` నొక్కితే ఆ అర మూసుకుంటుంది. తర్వాత వేరే ఫైలు మీద ఒకసారి నొక్కి, కొంచెం ఆగి ప్రయత్నించండి. సగం దిగి ఆగిపోయిన వీడియోలు కూడా ఇలాగే బాధిస్తాయి. వాటి చిన్న బొమ్మను తయారు చేయబోయి `dllhost.exe` అక్కడే చిక్కుకుపోతుంది. అలాంటప్పుడు ఆ ఫోల్డర్ చూపే కిటికీలన్నీ మూసి, కమాండ్ విండో నుంచి `del` తో పూర్తి చిరునామా ఇచ్చి తొలగిస్తే పని అయిపోతుంది. ఎవరూ ఆ ఫోల్డర్‌ను చూడటం లేదు కాబట్టి బొమ్మ తయారు చేయవలసిన అవసరం ఎవరికీ రాదు.

రెండోది చాలామందికి తెలియనిది. ఫైలు తెరవకపోయినా, ఒక ప్రోగ్రామ్ ఒక ఫోల్డర్లో నిలబడి ఉండవచ్చు. కమాండ్ విండోలో `cd` తో ఒక ఫోల్డర్లోకి వెళ్లి, ఆ విండోను అలాగే వదిలేస్తే, ఆ ఫోల్డర్‌ను తొలగించలేరు, పేరు మార్చలేరు. `cd ..` అని పైకి వస్తే చాలు. ఇదే మామూలు ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. ఫైలు తెరిచే పెట్టెలో మీరు పెన్‌డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌కు వెళ్లి ఏదో ఎంచుకున్నారనుకోండి. ఆ ఫైలు మూసేసినా, కొన్ని ప్రోగ్రాములు ఆ ఫోల్డర్లోనే నిలబడి ఉంటాయి. పెన్‌డ్రైవ్ తీయబోతే వాడుకలో ఉందంటుంది. రిసోర్స్ మానిటర్‌లో ఫైలు పేరు కాకుండా ఫోల్డర్ పేరు మాత్రమే చూపే వరుస కనిపిస్తే ఇదేనని గుర్తించవచ్చు. ఆ ప్రోగ్రామ్‌లోనే మళ్లీ ఫైలు తెరిచే పెట్టె పిలిచి, వేరే ఫోల్డర్లోని ఫైలు ఏదైనా తెరిస్తే అది అక్కడికి మారుతుంది. లేదా ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసేయండి.

వన్‌డ్రైవ్ వంటి సింక్ ప్రోగ్రాములు, యాంటీవైరస్‌లు కూడా ఫైలును తాకుతుంటాయి. వీటి పట్టు ఎక్కువసేపు ఉండదు. పెద్ద ఫైలు అప్పుడే దిగితే అర నిమిషం ఆగండి. సింక్ అవుతున్న ఫోల్డర్ అయితే, టాస్క్‌బార్‌లోని దాని గుర్తు మీద నొక్కి సింక్‌ను తాత్కాలికంగా ఆపి పని చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

రిసోర్స్ మానిటర్ కాక మరో దారి కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫైల్ లాక్‌స్మిత్ అనే పనిముట్టు ఉంది. అది ఉంటే ఫైలు మీద కుడి మీట నొక్కి నేరుగా ఎవరి చేతిలో ఉందో చూడవచ్చు. రోజూ ఈ సమస్య వచ్చే ఆఫీసుల్లో దాన్ని పెట్టుకోమని చెబుతాను. ఎప్పుడో ఒకసారి అయితే `resmon` చాలు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మైక్రోసాఫ్ట్‌కే చెందిన సిసింటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, హ్యాండిల్ అనే పనిముట్లు మంచివి. ఎవరు పట్టుకున్నారో వెతకడానికి నేనూ వాడతాను. కానీ వాటిలో ఒక సదుపాయం ఉంది. ప్రోగ్రామ్‌ను ముగించకుండా, దాని చేతిలోని హ్యాండిల్‌ను మాత్రం బయటి నుంచి మూసేయవచ్చు. తాళాలు తీస్తామనే చాలా సాఫ్ట్‌వేర్లు లోపల చేసేది కూడా ఇదే. చూడటానికి సున్నితమైన పద్ధతిలా ఉంటుంది. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, ఫైలు మాత్రం విడుదలవుతుంది. నిజానికి నేను చెప్పిన పద్ధతులన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే.

ఎందుకో చెబుతాను. ప్రతి హ్యాండిల్ ప్రోగ్రామ్‌కు ఒక సంఖ్యగానే తెలుసు. తన సంఖ్య మూసేశారని ఆ ప్రోగ్రామ్‌కు ఎవరూ చెప్పరు. కొంతసేపటికి అదే ప్రోగ్రామ్ మరో ఫైలు తెరుస్తుంది. విండోస్ ఖాళీ అయిన అదే సంఖ్యను ఈ కొత్త ఫైలుకు ఇవ్వవచ్చు. పాత ఫైలులో రాయాలనుకున్నది ప్రోగ్రామ్ ఆ సంఖ్య మీద రాస్తుంది. అది వెళ్లి కొత్త ఫైలులో పడుతుంది. లెక్కల ప్రోగ్రామ్ అయితే డేటా ఫైలు చెడిపోతుంది, అదీ అప్పటికప్పుడు కాదు, కొన్నాళ్లకు బయటపడుతుంది. కారణం ఏమిటో కనిపెట్టడం అప్పటికి ఎవరి వల్లా కాదు. ప్రోగ్రామ్‌ను మొత్తంగా ముగిస్తే సాధారణంగా పోయేది సేవ్ చేయని పని, అది మీకు తెలిసి పోతుంది. హ్యాండిల్‌ను లాగేస్తే ఏం పోయిందో కూడా తెలియదు. అందుకే నా సలహా ఒకటే. ప్రోగ్రామ్‌ను మామూలుగా మూయండి. కుదరకపోతే ముగించండి. హ్యాండిల్ జోలికి మాత్రం పోవద్దు.

ముగించకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. `System` సంగతి చెప్పాను. `csrss.exe`, `wininit.exe` వంటివాటిని ముగిస్తే కంప్యూటరే పడిపోతుంది. `svchost.exe` లోపల, తెర మీద కనిపించకుండా వెనక పనిచేసే విండోస్ సర్వీసులు నడుస్తుంటాయి. అది కనిపిస్తే నేరుగా ముగించకుండా, ఏ సర్వీసో చూసి `services.msc` లో దాన్ని ఆపాలి. `explorer.exe` ను మాత్రం నిర్భయంగా తిరిగి మొదలుపెట్టవచ్చు. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఎంచుకుంటే `Restart` అని కనిపిస్తుంది. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై తిరిగి వస్తుంది, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

"సార్, నేను సాయంత్రం కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, పొద్దున వేశాను. అయినా అదే ఫైలు పట్టుకునే ఉంది. అదెలా?"

మంచి ప్రశ్న. ఇప్పటి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. అది పనిచేస్తుంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూసుకుంటాయి, కానీ విండోస్ గర్భం, డ్రైవర్లు, సర్వీసులు ఉన్న స్థితిలోనే డిస్కులో భద్రమవుతాయి. పొద్దున మళ్లీ అదే స్థితి నుంచి లేస్తాయి. మీ ఫైలు ఏదైనా సర్వీసు చేతిలో ఉంటే రాత్రంతా కట్టేసినా అది వదలదు. షట్‌డౌన్ బదులు `Restart` ఎంచుకోండి. అప్పుడు అన్నీ నిజంగా మొదటి నుంచి మొదలవుతాయి. లేచాక మరే ప్రోగ్రామూ తెరవకముందే మీ పని చేసుకోండి.

"రీస్టార్ట్ చేసినా, లేవగానే ఏదో సాఫ్ట్‌వేర్ దానంతట అదే మొదలై మళ్లీ పట్టుకుంటోందండీ. ఏం చేయాలి?"

అలాంటివి రెండు విధాలుగా చేయవచ్చు. టాస్క్ మేనేజర్‌లో `Startup` అనే భాగంలో ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆపి రీస్టార్ట్ చేయడం ఒకటి. అదీ కాకపోతే, ఫైలును తొలగించే పనిని విండోస్‌కే అప్పగించవచ్చు. తదుపరి సారి లేస్తూ, ఏ ప్రోగ్రామూ మొదలుకాకముందే చేయవలసిన తొలగింపులు, పేరు మార్పుల జాబితా ఒకటి విండోస్ రిజిస్ట్రీలో పెట్టుకుంటుంది. అప్‌డేట్లు వాడే దారి కూడా ఇదే. మనం ఆ జాబితాలో పేరు చేర్చడానికి సిసింటర్నల్స్ వారి `movefile` అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ విండోలో ఇలా ఇవ్వాలి.

```
movefile "D:\Shop\old.dat" ""
```

రెండో చోట ఖాళీ కొటేషన్లు పెట్టడం అంటే తొలగించమని చెప్పడం. అక్కడ కొత్త పేరు పెడితే, అదే డ్రైవ్‌లో పేరు మారుతుంది. `pendmoves` అనే దానితో జాబితాలో ఏమున్నాయో రీస్టార్ట్‌కు ముందే చూసుకోవచ్చు. తప్పకుండా చూసుకోండి, ఎందుకంటే అక్కడ పేరు తప్పు పడితే తర్వాత ఆపడానికి ఎవరూ ఉండరు. రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు.

"నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఫైలు, `exe` ఫైలు, తొలగించనివ్వదు, కానీ పేరు మార్చనిస్తోంది సార్. రెండూ ఒకే అనుమతి అన్నారు కదా?"

మీరు సరిగ్గా గమనించారు. నడుస్తున్న ప్రోగ్రామ్ విషయంలో విండోస్ వేరుగా వ్యవహరిస్తుంది. దాన్ని నడపడానికి తెరిచినప్పుడు తొలగించే అనుమతి ఇచ్చే తెరుస్తుంది, అందుకే అదే డ్రైవ్‌లో పేరు మార్చగలరు. కానీ ఆ ఫైలులోని భాగాలు జ్ఞాపకంలోకి ముడిపడి ఉంటాయి, అవి అవసరమైనప్పుడు డిస్కు నుంచి తెచ్చుకోవాలి కాబట్టి ఫైలును పోనివ్వదు. తమను తామే కొత్తగా మార్చుకునే చాలా సాఫ్ట్‌వేర్లు ఈ వెసులుబాటునే వాడుకుంటాయి. పాత `exe` పేరు మార్చి పక్కన పెట్టి, దాని స్థానంలో కొత్తది ఉంచి, తర్వాతి సారి మొదలైనప్పుడు పాతదాన్ని తొలగిస్తాయి. `dll` ఫైళ్లకూ ఇంతే. రిసోర్స్ మానిటర్‌లో వీటి కోసం వెతికేటప్పుడు `Associated Modules` అనే వరుస కూడా చూడండి. నడుస్తున్న ప్రోగ్రామ్ ముడివేసుకున్న ఫైళ్లు అక్కడ కనిపిస్తాయి. ముందు పైన ఉన్న `Processes` జాబితాలో ఆ ప్రోగ్రామ్‌కు టిక్ పెట్టాలి, లేకపోతే అక్కడ ఏమీ కనిపించదు.

"ఎవరి చేతిలోనూ లేదని చూపిస్తోంది, అయినా తొలగించనివ్వడం లేదండీ."

అప్పుడు సందేశాన్ని మరోసారి చదవండి. `You need permission to perform this action` అని ఉంటే అది అనుమతుల సమస్య. పట్టుకున్నవారి కోసం వెతికి లాభం లేదు. ఫైలు యజమాని ఎవరో చూడాలి. `Could not find this item` అని ఉంటే, ఫైలు పేరు చివర ఖాళీయో చుక్కో ఉండి ఉంటుంది, ఎక్కువగా వేరే రకం కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైళ్లలో. అలాంటి పేరును విండోస్ మామూలు పద్ధతిలో చదవలేదు. కమాండ్ విండోలో చిరునామా ముందు `\\?\` చేర్చి, పేరులోని ఖాళీతో సహా కొటేషన్లలో ఇస్తే తొలగించగలరు.

```
del "\\?\D:\Shop\old file "
```

మూడు సందేశాలూ ఒకే రంగు పెట్టెలో, ఒకే `Try Again` బటన్‌తో వస్తాయి. అందుకే వాటిని ఒకే సమస్య అనుకుంటాం. మీ దగ్గరికి ఎవరైనా ఫైలు పోవడం లేదని వస్తే, ఆ పెట్టెను ఫోన్‌తో ఫొటో తీసి తెమ్మనండి. అందులోని ఇంగ్లీషు వాక్యాన్ని పూర్తిగా చదివాకే `resmon` తెరవండి.